తిరుగటి పాటలు, జోలపాటలు: సేకరణ, పాఠాంతరాల నమోదు

తిరుగలికి అటూ ఇటూ ఇద్దరు ఆడవాళ్లు కూర్చుని, ఒకే పిడిని కలిసి పట్టుకుని పై రాయి తిప్పుతూ పాడుకున్నవి తిరుగటి పాటలు. తెలంగాణలో, రాయలసీమలో తిరుగలిని ఇసుర్రాయి అంటారు కాబట్టి అక్కడివాళ్లకు ఇవి ఇసుర్రాయి పాటలు. రోటి దగ్గర పాడేవి రోకటి పాటలు, దంపుళ్ల పాటలు. పసిబిడ్డను ఊపుతూ పాడేవి జోలపాటలు, లాలిపాటలు, తొట్టెల పాటలు. పని వేరైనా వీటన్నిటిలో దేవుడు ఇంటిమనిషే. తిరుగలి దగ్గర సీతమ్మ పడ్డ కష్టం విసిరే ఆడపడుచు కష్టంతో కలిసిపోతుంది. ఉయ్యాల దగ్గర ఇంటి బిడ్డే రాముడు, కృష్ణుడు అవుతాడు.

ఈ పాటలు తెలిసిన పెద్దవాళ్ల దగ్గర కూర్చుని రాసుకునేవారికి మొదటి రోజే ఒక చిక్కు వస్తుంది. అక్క పాడినట్టు చెల్లెలు పాడదు. నిన్న పాడినట్టు ఈరోజు అదే మనిషి పాడదు. ఏది రాసుకోవాలి? తెలుగులో ఈ పాటల సేకరణ చరిత్రలో చాలా భాగం ఈ ప్రశ్నకు ఒక్కొక్కరు ఇచ్చుకున్న జవాబుల చరిత్రే.

పాత జాడలు

పనిపాటల ప్రస్తావన తెలుగు కావ్యాల్లో పాతదే. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో తుమ్మెద పదాలు, వెన్నెల పదాలు వంటి పేర్లు చెప్పాడు. అన్నమాచార్యుడు దంపుళ్ల పాటల వరుసలో సువ్వి పాటలు, ఉయ్యాల వరుసలో జోలలు, లాలులు కట్టాడు. తిరుమలలో రాత్రి ఏకాంత సేవలో తాళ్లపాక వారి వంశీకులు పాడే లాలి నేటికీ ఉంది. అన్నమయ్య సంకీర్తనలు రాగిరేకుల మీదికి ఎక్కాయి కాబట్టి వాటి పాఠం చాలావరకు నిలిచింది. ఏ వరుసలను ఆయన ఇళ్లలో విని తీసుకున్నాడో ఆ పాటలకు మాత్రం రేకులు లేవు. అవి నోటి నుంచి చెవికి, చెవి నుంచి నోటికి వచ్చాయి.

దక్కనులో దీనికి మరో పాయ ఉంది. బీజాపూరు చుట్టుపక్కల సూఫీలు దక్ఖనీ భాషలో చక్కీనామాలు, లోరీనామాలు కట్టారు. మొదటివి విసిరేటప్పుడు, రెండోవి బిడ్డను నిద్రపుచ్చేటప్పుడు పాడుకోవడానికి. తిరుగలి పిడిని అలిఫ్ అక్షరంతో పోల్చి, తిప్పే ప్రతి తిప్పునూ దైవస్మరణగా మార్చిన పాటలవి. ఇంటిపని చేసుకునే స్త్రీల నోట సూఫీ భావాలు ఎలా నాటుకున్నాయో చరిత్రకారుడు రిచర్డ్ ఈటన్ 1974లో ఈ పాటల ఆధారంగానే చర్చించాడు. తెలంగాణలో దక్ఖనీ మాట్లాడే ఇళ్లలో పాటలు సేకరించేవారు ఈ పాయను వేరుగా గుర్తించి రాసుకోవాలి. ఒకే వాడలో, ఒకే రకం రాయి మీద, రెండు భాషల్లో రెండు భక్తి సంప్రదాయాలు నడిచాయి.

అచ్చులోకి వచ్చిన తెలుగు స్త్రీల పాటల్లో ఏలూరు మంజువాణి ముద్రాక్షరశాల నడిపిన నందిరాజు చలపతిరావు సంకలనం తొలినాటిది. ఆ తర్వాత కృష్ణశ్రీ స్త్రీల రామాయణపు పాటలను సేకరించారు. నేదునూరి గంగాధరం గోదావరి ప్రాంతంలో తిరిగి మిన్నేరు, మున్నీరు వంటి సంపుటాలు తెచ్చారు. బిరుదురాజు రామరాజు ఉస్మానియా విశ్వవిద్యాలయంలో జానపద గేయాల మీద చేసిన పరిశోధన తెలుగు జానపద గేయ సాహిత్యము అన్న పుస్తకంగా 1958లో వచ్చింది. వింజమూరి సీత, అనసూయలు రేడియోలో పాడి ఈ పాటలను ఊళ్లు దాటించారు. వీళ్లు పూనుకోకపోతే మనకు మిగిలేది చాలా తక్కువ. అయితే పాత సంకలనాల్లో చాలావాటికి ఒక పరిమితి ఉంది. పాట ఉంటుంది, పాడిన మనిషి ఉండదు. ఏ ఊరు, ఎవరి దగ్గర నేర్చుకున్నది, ఏ పని చేస్తూ పాడింది అన్న వివరాలు కనబడవు. ఒకే పాటకు దొరికిన రూపాల్లో ఏది బాగుందనిపిస్తే అది అచ్చయింది, మిగిలినవి నోటుపుస్తకాల్లోనే ఉండిపోయాయి.

సరిదిద్దడం అనే పొరపాటు

తెలుగు పండితులకు పాఠాంతరం కొత్త విషయం కాదు. సి.పి. బ్రౌన్ పండితుల చేత తాళపత్రాలు సేకరింపజేసి, ప్రతులను పక్కపక్కన పెట్టి పోల్చి, శుద్ధప్రతులు రాయించాడు. ఒక కవి రాసిన కావ్యానికి ఇది సరైన దారి. రాసిన కవి ఒకడున్నాడు, ఆయన రాసిన మాట ఒకటుంది, లేఖకుల తప్పులు తీసివేస్తే అక్కడికి చేరవచ్చు.

తిరుగటి పాటకు అలాంటి మూలం లేదు. పాడిన ప్రతిసారీ అది ఆ పూటకు పూర్తి పాటే. నాలుగు రూపాలు కలిపి ఒక 'శుద్ధమైన' పాట తయారుచేస్తే, ఎవరూ ఎన్నడూ పాడని పాట ఒకటి పుడుతుంది. దీన్ని ఒక ఉదాహరణతో చూడవచ్చు. ఈ కింది పాదాలు పద్ధతి చూపడానికి కూర్చినవి మాత్రమే, ఏ ఊరి పాటా కాదు.

ఒకావిడ మొదటిసారి ఇలా పాడిందనుకుందాం:

గుప్పెడు జొన్నలు వోసీ – రామయ్య
గుండెల నిన్నే తలిసీ – రామయ్య

కాసేపటికి అదే చోటికి వచ్చినప్పుడు:

దోసెడు జొన్నలు వోసీ – రామయ్య
దోవల నిన్నే తలిసీ – రామయ్య

రాసుకునేవారు రెండోసారి విన్నది మొదటిదానికి చిన్న మార్పు అనుకుని, పాఠాంతరంగా 'దోసెడు' ఒక్క మాటే అంచున రాసుకుంటే ఏం జరుగుతుంది? తర్వాత అచ్చువేసేవారికి 'దోసెడు' నచ్చితే, 'దోసెడు జొన్నలు' పక్కన 'గుండెల నిన్నే' చేరుతుంది. మొదటి పాదంలో 'గు'కు రెండో పాదంలో 'గు', 'దో'కు 'దో' అందుకున్న కూర్పు చెడిపోతుంది. పాడే మనిషి ఒక మాట మార్చినప్పుడు దానికి జతగా ఇంకో మాటనూ మార్చింది. ఆ జత మార్పే ఆమె పనితనం. అందుకే మాటకు మాట కాకుండా, కనీసం చరణానికి చరణంగా, వీలైతే మొత్తం పాటగా ప్రతి పాడుకనూ విడిగా రాసుకోవాలి. పోల్చడం తర్వాత పని.

ఇక అక్షరాలు. 'పోసి' బదులు 'వోసి' వినిపించింది, 'గుండెలో' బదులు 'గుండెల', 'తలచి' బదులు 'తలిసి'. చదువుకున్నవారి చెయ్యి వీటిని తెలియకుండానే దిద్దేస్తుంది. ఆ దిద్దుబాటుతో ఊరు పోతుంది, యాస పోతుంది, ఒక్కోసారి పాట నడకా పోతుంది. లక్ష్మణుడు లచ్చుమన్న అయినచోట లచ్చుమన్న అనే రాయాలి. ఆ చోట పేరు సంస్కృతంలోకి మారి మరో కొలత తీసుకుంటే, మిగతా పాదం తాళంలో ఇమడదు. అచ్చులో చూసిన పాట పాడబోతే నోరు తిరగకపోతే, మధ్యలో ఎవరో దిద్దారని అనుమానించవచ్చు.

చివరి 'సీ'లో దీర్ఘం ఇంకో రకం సంగతి. అది మాటది కాదు, వరుసది. కాబట్టి అనుభవం ఉన్నవారు రెండు వరుసలు రాస్తారు. పైన చెవికి వినబడ్డట్టు, సాగదీతలు, ఊతపదాలు, పల్లవి అందుకోవడాలతో సహా. కింద ఆ మాటలే మామూలుగా పలికినప్పటి రూపంలో. పై వరుసను తర్వాత ఎవరూ ముట్టుకోకూడదు. అర్థం చెప్పడాలు, సందేహాలు, సవరణల సూచనలు కింది వరుసకే పరిమితం.

తెలుగు లిపి ఈ పనికి చాలావరకు సరిపోతుంది, అంతా కాదు. 'చాప'లో వినబడే దంత్యమైన చకారానికి ౘ, 'జాము'లోని జకారానికి ౙ ఉన్నాయి. ఇవి ఇప్పుడు కంప్యూటర్ అక్షరాల్లోనూ ఉన్నాయి కాబట్టి వాడుకోవచ్చు. కోస్తా మాటల్లో 'వచ్చాడు' అన్నప్పుడు ఆ-ఏల నడుమ వినబడే అచ్చుకు మాత్రం విడిగా అక్షరం లేదు. ఒకరు 'వచ్చాడు' అని, ఇంకొకరు 'వచ్చేడు' అని రాస్తారు. వినబడింది ఒకటే అయినా కాగితం మీద రెండు పాఠాలు కనబడతాయి. ఈ అచ్చును తాము ఎలా రాశారో సేకర్త మొదటి పేజీలోనే చెప్పి, చివరిదాకా అలాగే రాస్తే ఈ దొంగ పాఠాంతరాలు పుట్టవు.

పాడించుకోవడం

"పాట చెప్పండి" అని అడిగితే పెద్దవాళ్లు చెబుతారు. కానీ చెప్పిన పాట, పాడిన పాట ఒకటి కావు. చెప్పేటప్పుడు పల్లవి ఒకసారి అని వదిలేస్తారు. ఊతపదాలు రాలిపోతాయి. చరణాల వరుస తప్పుతుంది, కొన్ని గుర్తుకే రావు. చేతులు ఆడితేనే ఆ మాటలు నాలుక మీదికి వస్తాయి. అందుకే వీలైనచోట రాయి దగ్గరే కూర్చోబెట్టాలి. ఉత్త రాయి తిప్పించకూడదు. రాయి రాయికి రాసుకుని చప్పుడు పెరుగుతుంది, చెయ్యి బరువు మారుతుంది, నడకా మారుతుంది. గుప్పెడు గింజలు పోసి తిప్పితే పాత లయ దొరుకుతుంది.

పిండి గిర్నీలు వచ్చాక ఇళ్లలో తిరుగళ్లు మూలపడ్డాయి. తిరుగటి పాటలకు సందర్భం పోయింది గనుక అవి జోలపాటల కన్నా వేగంగా మరుగున పడుతున్నాయి. రోలు, రోకలి మాత్రం పెళ్లికి ముందు పసుపు దంచే రోజున ఇంకా బయటికి వస్తాయి. ఆ పూట నలుగురు పెద్ద ఆడవాళ్లు ఒకచోట చేరతారు కాబట్టి, ఒకరికి గుర్తురాని చరణం ఇంకొకరు అందుకుంటారు. అలా అందుకున్న చోట ఎవరు అందుకున్నారో కూడా రాసుకోవాలి. లేకపోతే ఇద్దరి పాఠాలు ఒకరి పేరున కలిసిపోతాయి.

రికార్డు చేసేటప్పుడు ఫోనును గచ్చు మీద పెడితే రాయి అదురు మాటలను మింగేస్తుంది. మడత పెట్టిన దుప్పటి మీదో, మంచం మీదో, పాడేవారి నోటికి మూరెడు దూరంలో పెట్టాలి. శబ్ద భాండాగారాలు అడిగేది కుదించని వేవ్ ఫైలు, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్లు. కుదించిన ఫైలులో హల్లుల అంచులు అరిగిపోతాయి. 'త'నో 'ద'నో తేల్చుకోవాల్సినచోట ఆ అంచే ఆధారం. రాయితో ఒకసారి, రాయి లేకుండా ఇంకోసారి పాడించుకుంటే మొదటిది నడకకు, రెండోది మాటకు పనికొస్తుంది. ఈ రెండూ రెండు పాడుకలు. రెండోదానితో మొదటిదాన్ని దిద్దకూడదు. తేడా ఉన్నచోట తేడా అనే రాయాలి.

అర్థం కాని మాటలు తప్పకుండా వస్తాయి. పాట మధ్యలో ఆపి అడిగితే దారం తెగుతుంది. పూర్తయ్యాక రికార్డు వినిపించి, ఆ చోట ఆపి అడగాలి. "ఏమో బిడ్డా, మా అత్త అట్లనే పాడేది" అన్న జవాబు వచ్చినా అదీ నమోదు చేయాల్సిన జవాబే. తెలియని మాటకు తెలిసిన మాట పెట్టి సర్దుకోవడం అన్నిటికన్నా పెద్ద నష్టం చేస్తుంది. పాత వ్యవసాయ పదమో, మరో మాండలికం మాటో, పక్క భాష మాటో ఆ శబ్దంలో దాగి ఉండవచ్చు. వినబడనే లేదంటే చుక్కలు పెట్టి, రికార్డులో ఎన్నో నిమిషం, ఎన్నో సెకను దగ్గరో రాయాలి. ఇంకో చెవి రేపు దాన్ని పట్టుకోవచ్చు.

నేర్చుకున్నది ఎవరి దగ్గర అన్న ప్రశ్న పాఠాంతరాలకు తాళంచెవి. ఒకావిడకు కొన్ని పాటలు పుట్టింటివి, కొన్ని అత్తింటివి. పుట్టిల్లు కర్నూలు వైపు, అత్తిల్లు గోదావరి వైపు అయితే ఒకే నోట అహోబిలం నరసింహుడూ భద్రాద్రి రాముడూ వస్తారు, యాస కూడా పాటను బట్టి మారుతుంది. కొన్ని పాటలు చిన్న పాటల పుస్తకాల నుంచి, రేడియో నుంచి, సినిమా నుంచి వచ్చి ఉంటాయి. వాటిని తీసివేయనక్కరలేదు, ఎక్కడి నుంచి వచ్చాయో రాస్తే చాలు. వేర్వేరు ఊళ్లలో పాడిన పాట అక్షరం పొల్లుపోకుండా ఒకేలా ఉంటే వెనక అచ్చు పుస్తకమో రికార్డో ఉందేమో చూడాలి.

జోలపాట కథ వేరు

తిరుగటి పాటను గింజలు అయ్యేదాకా పాడతారు. జోలను బిడ్డ కళ్లు మూసేదాకా పాడతారు. కాబట్టి 'పూర్తి జోలపాట' అన్నది లేదు. బిడ్డ తొందరగా పడుకుంటే నాలుగు చరణాలు, ఏడుస్తుంటే నలభై. రెండూ నిజమైన పాఠాలే. నడుమ బిడ్డ పేరు, మేనమామ పేరు, ఊరి దేవుడి పేరు చేరతాయి. ఆ రోజు వాటిలో ఏ పేరు చేరిందన్నది కూడా పాఠంలో భాగమే. కాకపోతే అచ్చువేసేటప్పుడు ఇంటివాళ్ల పేర్లు ఉంచాలా వద్దా అని వాళ్లనే అడగాలి.

బారసాలలో, తెలంగాణ తొట్టెల పండుగలో పదిమంది ముందు పాడే లాలి ఒక తీరుగా ఉంటుంది. అర్ధరాత్రి బిడ్డతో ఒంటరిగా ఉన్న తల్లి పాడేది మరో తీరు. మొదటిదానిలో దేవుడి పేర్లు, పొగడ్తలు నిండుగా ఉంటాయి, పాఠం కొంచెం స్థిరంగా ఉంటుంది. రెండోదానిలో గొంతు తగ్గుతుంది, మాటలు అరిగి 'జోజో'లు, 'ఊఊ'లు మిగులుతాయి. కొన్నిచోట్ల పాడుతూనే ఇంటి బాధలు చెప్పుకుంటారు. సేకర్తలు ఎక్కువగా మొదటి రకమే పట్టుకుంటారు, దొరకడం సులువు కాబట్టి. ఏ రకమో, ఎదురుగా బిడ్డ ఉన్నదో లేదో రాయకపోతే తర్వాత చదివేవారికి తెలుగు తల్లులంతా పొగడ్తల జోలలే పాడారనిపిస్తుంది.

పాడనివ్వని కారణాలనూ గౌరవించాలి. భర్త పోయినావిడ మంగళహారతి, లాలి పాడటానికి వెనుకాడవచ్చు. బిడ్డను పోగొట్టుకున్న తల్లికి జోల గొంతులోనే ఆగిపోవచ్చు. కొడుకు ఎదుట కూర్చుంటే, అత్తింటి ఆరళ్ల చరణాలు దాటేసి రాముడి చరణాలే పాడవచ్చు. మళ్లీ ఆడవాళ్లే ఉన్న పూట వెళ్తే దాటేసిన చరణాలు వస్తాయి. అప్పుడు రెండు పాఠాలు చేతికి అందుతాయి, ఆ రెండింటి నడుమ తేడాకు కారణం కూడా అందుతుంది. సేకరించినవారు ఎవరి ఎదుట పాడించుకున్నారో రాయడం అందుకే అవసరం. వెల్చేరు నారాయణరావు 1991లో అచ్చయిన వ్యాసంలో తెలుగు స్త్రీల రామాయణ పాటలను చర్చిస్తూ, బ్రాహ్మణ స్త్రీల పాటలకూ ఇతర కులాల స్త్రీల పాటలకూ ఉన్న తేడాలు చూపారు. పాడిన మనిషి వివరం లేని సంకలనం నుంచి అలాంటి పోలిక తీయడం కుదరదు.

పుణె వారి అనుభవం

పాడినవారి వివరంతో సహా పెద్ద ఎత్తున జరిగిన పని మరాఠీలో ఉంది. హేమా రాయిర్కర్, గీ పొయ్‌ట్వాఁ 1980ల్లో పుణె కేంద్రంగా తిరుగటి పాటల సేకరణ మొదలుపెట్టారు. మరాఠీలో వీటిని ఓవీలు అంటారు. వెయ్యికి పైగా గ్రామాల్లో, మూడు వేలకు పైగా గాయనుల దగ్గర లక్షకు పైగా ఓవీలు రాసుకున్నారు. తర్వాత బెర్నార్ బెల్ చేరి గొంతులను రికార్డు చేయించారు. ఇప్పుడు ఆ సంపద పరి అనే గ్రామీణ భారత పాత్రికేయ వేదికలో ఉంది. 2017 నుంచి అక్కడ పాటలు ఒక్కొక్కటిగా, పాడినవారి ఫొటో, ఊరు, మాటలతో సహా వస్తున్నాయి.

వాళ్లు ఎంచుకున్న కొలమానం చిన్నది. రెండు పాదాల ఓవీ ఒక్కొక్కటీ ఒక పద్దు. అది మరాఠీకి సరిపోయింది, ఎందుకంటే అక్కడ స్త్రీలు విడి ఓవీలను ఆ పూటకు తోచిన వరుసలో గుచ్చుకుంటూ పోతారు. తెలుగులో అలా విడిగా నిలిచే చరణాలూ ఉన్నాయి, ఊర్మిళాదేవి నిద్ర, లక్ష్మణదేవర నవ్వు వంటి కథాపాటలూ ఉన్నాయి. కథాపాటను రెండేసి పాదాలుగా విడగొడితే కథ నడిచిన తీరు పోతుంది. ఎవరు ఏ ఘట్టం పెంచారు, ఏది దాటేశారు అన్నదే అక్కడ పెద్ద పాఠాంతరం. అందుకని తెలుగు సేకర్త విడి చరణాలకు చరణం కొలత, కథాపాటకు మొత్తం పాడుక కొలత పెట్టుకోవాలి.

దాచుకునే పద్ధతి సాదాగానే ఉండవచ్చు. ప్రతి పాడుకకు ఒక సంఖ్య. అదే సంఖ్య రికార్డు మీద, రాతప్రతి మీద, వివరాల కాగితం మీద. పాడినవారి వయసు, పుట్టిల్లు, అత్తిల్లు, నేర్చుకున్న చోటు, పాడిన సందర్భం, ఎదుట ఎవరున్నారు, పేరు చెప్పడానికి, పదిమందికి వినిపించడానికి ఒప్పుకున్నారా లేదా అన్నవి ఆ కాగితంలో ఉండాలి. ఒప్పుకోలు నోటిమాటే అయితే దాన్నీ రికార్డు మొదట్లో వినిపించేలా చేయాలి. మూడు ప్రతులు తీసి రెండు వేర్వేరు చోట్ల పెట్టాలి, మూడోది పాడిన ఇంటికి ఇవ్వాలి. ఇంటివాళ్లు ఆ పాట విని "మా అమ్మ ఇలా కాదు, ఇలా పాడేది" అని మరో చరణం పాడితే, దానికి ఇంకో సంఖ్య వేసి మొదటిదాని పక్కన చేర్చాలి.